ఫిట్‌నెస్ ఫెయిలైన 15 ఏళ్ల కారు: రిపేరు చేయించాలా, స్క్రాప్‌కి ఇచ్చేయాలా?

కాజీపేట కుర్రోడు:
2010 మోడల్ చిన్న పెట్రోల్ కారు, హనుమకొండలో ఉంది. 15 ఏళ్లు నిండి నాలుగు నెలలైంది. రెన్యువల్‌కి తీసుకెళ్తే బ్రేకులు సరిగా లేవు, కింద తుప్పు ఉంది అని ఫెయిల్ చేశారు. స్క్రాప్‌కి ఇస్తే కొత్త కారు మీద 25 శాతం తగ్గుతుందని మా బావ అంటున్నాడు. ఏడు లక్షల కారు కొనాలని ఉంది. ఏం చేయమంటారు?

హైవే రాజా:
ఇంకా ఆలోచన ఎందుకు బ్రో, 15 ఏళ్లు దాటితే స్క్రాపే. రూల్ వచ్చి చాలా రోజులైంది. ఢిల్లీలో అయితే రోడ్డు మీద కనిపిస్తే లాక్కెళ్తున్నారు. ఆర్టీసీ పాత బస్సులు కూడా తీసేస్తున్నారు కదా, చూడలేదా?

పాత ఫైలు:
రాజా గారూ, మీరు మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే రూల్ చేసేశారు. 15 ఏళ్లకు తప్పనిసరిగా పక్కన పెట్టాల్సింది ప్రభుత్వ వాహనాలను. 2023 ఏప్రిల్ 1 నుంచి వాటి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపేశారు. అందుకే ఆఫీసు జీపులు, ఆర్టీసీ బస్సులు పోతున్నాయి. ఢిల్లీ సంగతి కోర్టు ఆదేశం. డీజిల్‌కి 10 ఏళ్లు, పెట్రోల్‌కి 15 ఏళ్లు అని జాతీయ హరిత ట్రిబ్యునల్ అంటే 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. దాని మీద 2025లో కూడా వాదనలు నడిచాయి. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలకే. హనుమకొండలో సొంత కారుకి వయసును బట్టి స్క్రాప్ లేదు. ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకు రెన్యువల్ ఇస్తారు. ఇరవై నిండాక మళ్లీ వెళ్లొచ్చు.

ఒకసారి ఫెయిలైనంత మాత్రాన కథ అయిపోదు కూడా. చెప్పిన లోపాలు సరిచేయించి మళ్లీ చూపించుకోవచ్చు. కాకపోతే ఆలస్యానికి కారుకి నెలకు 500 చొప్పున పడుతుంది. నాలుగు నెలలకు ఇప్పటికే 2,000. అసలు రెన్యువల్ ఫీజు 5,000. 2022కి ముందు ఇది 600 ఉండేది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో పది వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే.

కాజీపేట కుర్రోడు:
థాంక్స్ సార్. మరి ఆ 25 శాతం నిజమేనా? ఏడు లక్షల్లో పావు వంతంటే లక్షా డెబ్బై ఐదు వేలు కదా. అంత వస్తే కళ్లు మూసుకుని ఇచ్చేస్తా.

షోరూమ్ కౌంటర్:
ఈ లెక్క వేసుకుని రోజూ ఎవరో ఒకరు మా దగ్గరికి వస్తారు. 25 శాతం కారు ధర మీద కాదు బాబూ, కొత్త కారుకి కట్టే లైఫ్ ట్యాక్స్ మీద. అది కూడా 25 వరకు ఇవ్వొచ్చు అని కేంద్రం పెట్టిన పరిమితి. ఎంత ఇవ్వాలో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. మన దగ్గర ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకి లైఫ్ ట్యాక్స్ 14 శాతం. ఏడు లక్షలకు 98,000. పూర్తిగా 25 ఇచ్చారనుకున్నా తగ్గేది 24,500, అంతకు మించి రాదు. బుకింగ్‌కి ముందు మన రాష్ట్రం జీవోలో మీ ధరకి ఎంత రాశారో ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అని ఇంకోటి పెద్దగా రాస్తారు. కారుకి ఆ ఫీజు 600 రూపాయలే. నవ్వు రావాలి.

కంపెనీల డిస్కౌంట్ కూడా ఉంది. 2024లో చాలా కంపెనీలు కార్ల మీద ఎక్స్‌షోరూమ్ ధరలో ఒకటిన్నర శాతం లేదా 20,000, ఏది తక్కువైతే అది ఇస్తామన్నాయి. మీకు 10,500 పడుతుంది. ఆ స్కీమ్ గడువు పెట్టి ప్రకటించింది కాబట్టి ఇప్పుడు మీరు కొనే మోడల్‌కి ఉందో లేదో కొటేషన్‌లో విడిగా రాయించుకోండి. ఎక్స్ఛేంజ్ బోనస్‌కి పేరు మార్చి స్క్రాప్ బోనస్ అనే కౌంటర్లు కూడా ఉన్నాయి, నేను చూశాను.

ఎల్లో బోర్డు:
నాది ట్రాలీ ఆటో అన్నా, పదో ఏడు. నాకు కూడా ఫిట్‌నెస్‌లో లైటు, బ్రేకు అని రాశారు. నాకూ 5,000 కట్టి ఐదేళ్లు ఇస్తారా? ఇంట్లో ఒకటే టెన్షన్, రోజూ కిరాయి పోతుంది.

పాత ఫైలు:
తమ్ముడూ, నీది ట్రాన్స్‌పోర్ట్ బండి, లెక్క వేరు. ఎనిమిదేళ్లు దాటాక ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి. ఐదేళ్ల రెన్యువల్ నీకు వర్తించదు. గడువు దాటితే రోజుకు 50 పడుతుంది కాబట్టి ముందు ఆ లైటు, బ్రేకు చేయించు. స్క్రాప్‌కి ఇచ్చి కొత్త ఆటో కొంటే ట్యాక్స్ రాయితీ పరిమితి 15 శాతమే, సొంత కార్లకే 25. ఇక్కడ కారు లెక్క చూసి మోసపోకు.

పచ్చజెండా:
అందరూ రూపాయి లెక్కే వేస్తున్నారు. 2010 కారు పొగ ఎవరు పీల్చాలి? రిపేరు చేసి అమ్మితే ఆ బండి ఇంకో ఊళ్లో ఐదేళ్లు తిరుగుతుంది. మీ జేబు నిండుతుంది, గాలి అలాగే ఉంటుంది. స్క్రాప్ విధానం తెచ్చిందే అందుకు.

గ్యారేజీ గోపి:
పొగ సంగతి పొల్యూషన్ టెస్టులో తేలుతుంది మేడమ్, మోడల్ చూసి కాదు. టైమ్‌కి సర్వీసు చేయించిన 2010 పెట్రోల్ కారు సులువుగా పాసవుతుంది. ఇంజెక్టర్లు పాడైన ఎనిమిదేళ్ల డీజిల్ బండిని మా షెడ్డుకి తెండి, ఎవరు ఎక్కువ పొగ వదులుతున్నారో చూపిస్తా. నెలకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే బండిని ముక్కలు చేసి, కొత్తది తయారు చేయించడం గాలికి మేలా? నాకైతే అనుమానమే.

కుర్రోడి బండి విషయానికొస్తే, బ్రేకులు పెద్ద సంగతి కాదు. చూడాల్సింది తుప్పు ఎక్కడ ఉందన్నది. డోరు కింద, ఫ్లోర్ షీటు మీద తుప్పయితే కోసి కొత్త షీటు వెల్డింగ్ చేస్తాం. సస్పెన్షన్ బిగించే చోట, కింద బరువు మోసే ఫ్రేమ్ మెంబర్ల మీద ఉంటే మాత్రం వద్దు. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. టంగుమని ఆగితే పైతుప్పు. పొరలు రాలి లోపలికి దిగితే ఆ బండి మీద పైసా పెట్టొద్దు. ఇంకోటి, చాసిస్ నంబరు దగ్గర కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది చూడండి. అంకెలన్నీ పడాలి. తుప్పు పట్టి రెండు అంకెలు మాయమైతే బ్రేకులు కొత్తవి వేసినా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టడు.

కాజీపేట కుర్రోడు:
పెన్సిల్ ప్రింట్ బాగానే వచ్చింది అన్నా. తుప్పు డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్‌లో ఉంది. బ్రేకులు, వెల్డింగ్ కలిపి మెకానిక్ 14,000 చెప్పాడు. స్క్రాప్ సెంటర్‌కి ఫోన్ చేస్తే 23,000 అన్నారు. మా వీధి చివర పాత ఇనుము కొట్టతను మాత్రం 30,000 ఇస్తానంటున్నాడు! రెన్యువల్ అయిన బండికి బయట 80,000 దాకా పలుకుతుందట.

పాత ఫైలు:
మంచిది, ఇప్పుడు లెక్క వేయొచ్చు.

స్క్రాప్ దారిలో బండికి 23,000, ట్యాక్స్‌లో మహా అయితే 24,500, కంపెనీ ఇస్తే 10,500, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 600. అన్నీ కలిస్తే 58,600. రిపేరు చేసి అమ్మే దారిలో 80,000లో 14,000 రిపేరు, 5,000 ఫీజు, 2,000 ఆలస్యం పోతే 59,000. అందులోంచి గ్రీన్ ట్యాక్స్ ఇంకా తీయాలి. అంటే రెండూ దాదాపు సమానం. స్క్రాప్ వైపు అంకెలో సగానికి పైగా కొత్త కారు కొంటేనే చేతికొస్తుంది. కొనకపోతే 23,000తో సరి. బండి అప్పగించినందుకు సెంటర్ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్‌ను ఆన్‌లైన్‌లో వేరేవాళ్లకు అమ్ముకోవచ్చు గానీ, ఎంత పలుకుతుందో దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి.

ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది. పాత కారు మీ పేరు మీదే ఉండగా కొత్తది కొంటే అది రెండో వాహనం కింద లెక్క. లైఫ్ ట్యాక్స్ ఇంకో 2 శాతం, అంటే 14,000 అదనం. రిపేరు చేసి అమ్మేట్టయితే ఆర్‌సీ కొన్నవాడి పేరుకి మారాకే కొత్త కారు రిజిస్ట్రేషన్‌కి వెళ్లండి. సంతకాలు పెట్టించుకుని "నెలలో మార్పించుకుంటా" అనేవాడికి ఇస్తే ఆ 14,000 మీ మెడకే.

ఇనుము కొట్టు మాట మర్చిపోండి. అతను ఇచ్చే 30,000 ఎక్కువే, కాదనను. కానీ అతని దగ్గర సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ రాదు. అది లేకపోతే పైన చెప్పిన రాయితీ ఒక్కటీ రాదు, ఆర్‌సీ కూడా మీ పేరు మీదే బతికి ఉంటుంది. రేపు ఆ నంబరు ప్లేటు ఇంకో బండికి బిగించి ఎక్కడైనా దొరికితే పోలీసులు మీ తలుపే కొడతారు. రిజిస్టరైన సెంటర్ అయితే చాసిస్ నంబరు ముక్క కోసి తీస్తుంది, ప్రభుత్వ రికార్డు వాహన్‌లో నమోదు చేస్తుంది, ఆ తర్వాత ఆర్‌సీ రద్దవుతుంది. సెంటర్‌కి గుర్తింపు ఉందో లేదో vscrap.parivahan.gov.in లో చూడొచ్చు.

షోరూమ్ కౌంటర్:
ఒక్క మాట కలుపుతా. పాత కారు మీద లోన్ తీరిపోయినా చాలామంది ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించరు. హైపోథికేషన్ కనిపిస్తే సెంటర్ బండి తీసుకోదు. బకాయిలు ఉన్నా అంతే. మొన్న ఒకాయన కొత్త కారు డెలివరీ డేట్ పెట్టుకుని పాత బ్యాంకు ఎన్ఓసీ కోసం తిరుగుతూనే ఉన్నాడు. బ్రాంచే వేరే బ్యాంకులో కలిసిపోయింది పాపం.

హైవే రాజా:
సరే, రూల్ కాదంటే కాదు. కానీ నేనైతే స్క్రాపే అంటా. సమానంగా వచ్చేదానికి మెకానిక్, వెల్డర్, మళ్లీ ఆర్టీఏ, ఆ తర్వాత కొనేవాడి బేరాలు... ఎవడికి ఓపిక?

గ్యారేజీ గోపి:
ఓపిక లేకపోతే అదే మంచిది, ఒప్పుకుంటా. కానీ కొత్త కారు కొనే స్తోమత లేనివాడికి ఈ స్కీమ్‌లో ఉన్నది 23,000 మాత్రమే. వాడికి రన్నింగ్ కండిషన్ బండిని ఆ రేటుకి ఎందుకు ఇమ్మంటారు?

పచ్చజెండా:
దానికి రేటు పెంచమని అడగాలి గానీ, బండిని ఇంకో ఐదేళ్లు తిప్పమనడం జవాబు కాదు గోపి గారూ.

కాజీపేట కుర్రోడు:
ఆర్‌సీ తీసి చూశా. హైపోథికేషన్ అలాగే ఉంది! లోన్ 2015లోనే తీరింది. ఏ దారిలో పోయినా ముందు బ్యాంకుకే వెళ్లాలన్నమాట. ఎన్ఓసీ వచ్చేలోపు స్క్రూడ్రైవర్ టెస్టు చేయించి చెప్తా. గోపి అన్నా, మీ షెడ్డు హనుమకొండ దగ్గరేనా?