ఉగాది హాలు అడ్వాన్సు: మీటింగ్ పెట్టకుండా తీర్మానం పాస్ చేయడం

లక్ష్మి (కార్యదర్శి, ప్రస్తుతం కొండాపూర్‌లో): హైదరాబాద్ టీమ్‌కి నమస్కారం. ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మన అసోసియేషన్ జరిపే ఉగాదికి హాలు దొరికింది. ఫిబ్రవరి 20లోగా 2,500 డాలర్ల అడ్వాన్సు కడితేనే తేదీ మనకు ఉంచుతారట. బోర్డులో ఏడుగురం ఉన్నాం. ఇద్దరం ఇక్కడ, ఐదుగురు అక్కడ. అందరికీ కుదిరే టైమ్ దొరకట్లేదు కాబట్టి మీటింగ్ లేకుండా కాగితం అందరికీ పంపి ఒప్పుకోలు తీసుకునే సర్క్యులర్ తీర్మానం చేద్దామనుకుంటున్నాం. భోజనాల కాంట్రాక్టు కూడా అదే కాగితంలో రాసేయొచ్చా?

రమేశ్ (కూకట్‌పల్లి): సర్క్యులర్ అంటే సులువే కదా. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ రిపేరుకి నోటీసు బోర్డు మీద అంటించాం. వారంలో ఎవరూ కాదనలేదు, పని మొదలెట్టేశాం.

కిరణ్ (మాదాపూర్): ఇది బోర్డు తీర్మానం, రమేశ్ అన్నా. మా కంపెనీలో తరచూ చేస్తాం. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 175 ప్రకారం మెజారిటీ చాలు. ఏడుగురిలో నలుగురు మెయిల్‌లో 'సరే' అంటే పాసైనట్టే.

సుజాత (కంపెనీ సెక్రటరీ, హిమాయత్‌నగర్): కిరణ్ చెప్పింది మన దేశపు కంపెనీకి నిజమే. అక్కడ కూడా మొత్తం డైరెక్టర్లలో మూడోవంతు మంది మీటింగ్‌లోనే తేల్చాలంటే, ఆ తీర్మానాన్ని మీటింగ్‌కే తీసుకెళ్లాలి. కానీ ఈ అసోసియేషన్ రిజిస్టరైంది కాలిఫోర్నియాలో, పబ్లిక్ బెనిఫిట్ కార్పొరేషన్‌గా. ఆ రాష్ట్ర కార్పొరేషన్స్ కోడ్‌లో సెక్షన్ 5211 ప్రకారం మీటింగ్ లేకుండా నిర్ణయం తీసుకోవాలంటే డైరెక్టర్లందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆరుగురు సంతకం పెట్టి ఏడోవారు జవాబివ్వకపోతే అది పాస్ కాలేదు. మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కవేయలేం. మీరు హైదరాబాద్‌లో కూర్చుని సంతకం పెట్టినా మన చట్టం దానికి వర్తించదు.

భోజనాలు మాత్రం ఇందులో కలపకండి. కేటరింగ్ సంస్థలో మన డైరెక్టరొకరు భాగస్వామి అని విన్నాను.

లక్ష్మి: అవును అక్కా. ఆవిడే ఈ విషయం ముందుగా చెప్పారు.

సుజాత: మంచిది. స్వలాభం ఉన్న డైరెక్టరు, తగిన వివరాలన్నీ బయటపెట్టాక, తాను పాల్గొననని రాసిస్తే మిగతావారి సంతకాలతో చేసే దారి చట్టంలో ఉంది. అయినా నా సలహా ఏంటంటే, వేరే చోట్ల కొటేషన్లు తెప్పించి దాన్ని మీటింగ్‌లో చర్చించండి. రెండూ ఒకే కాగితంలో ఉంటే ఆ చిక్కు వల్ల హాలు కూడా ఆగిపోతుంది.

హాలుకి ఈ మాటలు చాలు:

"ఉగాది వేడుక హాలు బుకింగ్ కోసం 2,500 డాలర్లకు మించకుండా అడ్వాన్సు చెల్లించడానికి, జతచేసిన ఒప్పందంపై అసోసియేషన్ తరఫున సంతకం చేయడానికి కోశాధికారికి అధికారం ఇస్తూ తీర్మానించడమైనది. డైరెక్టర్లందరూ సంతకం చేసిన తర్వాత, చివరి సంతకం తేదీ నుంచి ఈ తీర్మానం అమల్లోకి వస్తుంది."

'మించకుండా' అన్న మాట వదలొద్దు. హాలు ఒప్పందం కాపీ కూడా జతచేయండి. లేకపోతే దేనికి ఒప్పుకున్నారో రేపు ఎవరూ చెప్పలేరు.

కిరణ్: వేర్వేరు కాపీల మీద సంతకాలు పెట్టొచ్చా? తేదీల సంగతేంటి మేడమ్?

సుజాత: పెట్టొచ్చు, కానీ అన్ని కాపీల్లో తీర్మానం ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. మధ్యలో ఎవరైనా డబ్బు మొత్తాన్ని మారిస్తే పాత సంతకాలు పనికిరావు, కొత్త కాగితం మీద మళ్లీ తీసుకోండి. ప్రతి ఒక్కరూ పేరు, సంతకం, తేదీ, ఊరు తమ చేత్తో రాయాలి. ఫిబ్రవరిలో మనం కాలిఫోర్నియా కంటే పదమూడున్నర గంటలు ముందుంటాం. లక్ష్మి కొండాపూర్‌లో 18న ఉదయం 7 గంటలకు పెడితే అక్కడ 17 సాయంత్రం 5:30. రికార్డులో తేదీలు తారుమారైనట్టు కనిపించకుండా 'భారత కాలమానం' అని పక్కన రాయండి.

రమేశ్: కోశాధికారి తొందరపడి ముందే కట్టేస్తే, తీర్మానానికి పాత తేదీ వేసేస్తే సరిపోదా?

సుజాత: వద్దు. పాత తేదీ వేస్తే అది తప్పుడు రికార్డు. "ఫలానా తేదీన చెల్లించిన అడ్వాన్సును బోర్డు ఆమోదిస్తోంది" అని ఈ రోజు తేదీతోనే రాయాలి. అందరి సంతకాలూ అందాక ఆ కాగితాలన్నీ మినిట్స్ ఫైల్‌లో పెట్టండి.

లక్ష్మి: ఒక డైరెక్టరు ప్రయాణంలో ఉన్నారు. వాట్సాప్‌లో సరేనన్నట్టు బొటనవేలు ఎమోజీ పెట్టారు. దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా?

కిరణ్: ఈమెయిల్ చెల్లినప్పుడు ఇదీ చెల్లాలి కదా.

సుజాత: ఎవరైనా ప్రశ్నిస్తే ఆ గుర్తు ఏ కాగితానికి పెట్టారో చూపించడం కష్టం. నేనైతే దాని మీద ఆధారపడను. ఎలక్ట్రానిక్ ఒప్పుకోలు గురించి మీ బైలాస్‌లో ఏముందో ముందు చూడండి. ఆయన 18 లోపు పీడీఎఫ్ మీద సంతకం పంపకపోతే జూమ్ మీటింగే దారి. ప్రత్యేక బోర్డు మీటింగ్‌కి ఈమెయిల్ నోటీసైతే చట్టం ప్రకారం 48 గంటల ముందు ఇవ్వాలి. అందుకే నోటీసు కూడా ఇప్పుడే రాసి ఉంచుకోండి. మీటింగ్‌లో అయితే కోరం, అంటే ఉండాల్సిన కనీస హాజరు, ఉంటే చాలు, మెజారిటీతో పాసవుతుంది.

లక్ష్మి: బైలాస్ కాపీ కోశాధికారి దగ్గరుంది, అడిగాను. హాలు కాగితం ఈ రాత్రికి అందరికీ పంపుతాను. భోజనాల విషయం జూమ్‌కి వదిలేద్దాం. దానికి కొటేషన్లు తెప్పించడానికి ఇంకో ఇద్దరు వాలంటీర్లు కావాలి, ముందుకొచ్చేవాళ్లు ఇక్కడే పేరు రాయండి.