స్లైడులో ఎంత ఖాళీ వదిలినా పాఠ్యం ఇరుకుగానే కనిపిస్తోంది

ప్రశ్న అడిగినవారు:
నిన్న సాయంత్రం నుంచి ఒకే ఒక్క స్లైడుతో అవస్థ పడుతున్నాను. పైన ఒక శీర్షిక, దాని కింద ఆరు నిబంధనలు ఉన్నాయి. ఒక్కొక్క నిబంధన ఒక పంక్తి దాటి రెండో పంక్తిలోకి కొద్దిగా వస్తుంది. వాటి మధ్య ఎడం పెంచాను, ముఖ్యమైన మాటలను ముదురు అక్షరాల్లో ఎరుపు రంగుతో చూపాను, చివరికి అన్నింటినీ మధ్యకు అమర్చాను. అయినా చూసినవారందరూ గజిబిజిగా ఉందనే అంటున్నారు. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

మొదటి సభ్యుడు:
లోపం అమరికలో లేదండీ, ఆలోచనలో ఉంది. వక్త మాట్లాడుతుండగా సభికులు తెరమీద చదువుతూ కూర్చుంటే రెండూ సరిగా బుర్రకెక్కవు. ఆరు నిబంధనలను ఆరు స్లైడులుగా విడదీసి, ఒక్కొక్క దానిలో నాలుగు మాటలు మాత్రమే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
ఇది ఆమోదం పొందిన పాఠ్యం కాబట్టి ఒక్క మాట కూడా మార్చే అధికారం నాకు లేదు. ఆరింటినీ ఒకేచోట చూస్తూ చర్చించాలి. ఈ సంగతి ముందే చెప్పవలసింది.

రెండో సభ్యుడు:
మధ్య అమరిక తీసేయండి.

మూడో సభ్యురాలు:
దాని బదులు రెండు అంచులూ సమంగా వచ్చేలా పెట్టండి. పుస్తకంలో పేజీలాగా నిండుగా, పద్ధతిగా కనిపిస్తుంది.

నాలుగో సభ్యురాలు:
నిటారైన అంచు కావాలన్న మీ మాట సరైనదే, కానీ ఎడమ అంచు ఒక్కటి చాలు. తెలుగు పదాలు పొడవుగా ఉంటాయి కాబట్టి పెద్ద అక్షరాల్లో పంక్తికి కొద్ది పదాలే పడతాయి. రెండు అంచులనూ లాగితే ఆ పదాల మధ్య గండ్లు పడి, మనం కోరని చోట ఖాళీ పుట్టుకొస్తుంది. మధ్య అమరికలోనేమో ప్రతి పంక్తి ఒక్కో చోట మొదలవుతుంది కనుక కన్ను ప్రతిసారీ ఆరంభాన్ని వెతుక్కోవలసి వస్తుంది.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట. మీరు వాడుతున్నది పవర్‌పాయింటేనా? ఎడం పెంచాక అక్షరాల సైజు గడిలో దశాంశ సంఖ్య కనిపిస్తోందా?

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, పవర్‌పాయింటే. నేను 18 ఇచ్చాను, ఇప్పుడు 16.7 అని చూపిస్తోంది. నేనే పొరపాటున మార్చానేమో అనుకున్నాను.

నాలుగో సభ్యురాలు:
మీరు మార్చలేదు. పాఠ్యం పెట్టెలో పట్టనప్పుడు అక్షరాలను, పంక్తుల మధ్య దూరాన్ని తానే కుదించే ఏర్పాటు అందులో ఉంది. మీరు నిబంధనల మధ్య ఎడం పెంచుతుంటే అది పంక్తులను దగ్గరకు నొక్కుతోంది, దాంతో వత్తులు కింది పంక్తి గుడులను తాకుతున్నాయి. `Format Shape`లో `Text Box` కింద `Do not Autofit` ఎంచుకోండి.

ఆరింటి మధ్యా ఒకే ఎడం ఉంటే అవి ఆరు విడి ముక్కలుగానే మిగులుతాయి. ఉదాహరణకు రెండు అర్హత గురించి, రెండు గడువు గురించి, రెండు చెల్లింపు గురించి అయితే మూడు జంటలు చేయండి. జంటలోని రెండింటి మధ్య 6 పాయింట్లు, జంటకూ జంటకూ మధ్య 24 పాయింట్లు వదిలితే ఏది దేనికి చెందినదో చదవకముందే తెలుస్తుంది. జంటల పేర్లను ఎడమవైపు మూడో వంతు వెడల్పులో, నిబంధనలను మిగిలిన వెడల్పులో ఉంచండి. గీతలు తీసేసిన మూడు వరుసల పట్టికలో పెడితే తర్వాత పాఠ్యం పెరిగినా పేరు తన జంట పక్కనే నిలుస్తుంది.

శీర్షికకు 28, మిగతా అంతటికీ 18 పాయింట్లు చాలు. జంటల పేర్లు మాత్రమే ముదురుగా ఉండాలి. ఎరుపు మొత్తం తీసేయండి. ప్రతి నిబంధనలోనూ ఒక మాట పిలుస్తుంటే కన్ను ఎక్కడా నిలవదు.

ఐదో సభ్యుడు:
నా స్లైడుల నేపథ్యం ముదురు నీలం. ఖాళీ స్థలాన్ని ‘తెల్ల జాగా’ అంటారు కదా, వాటిలో దాన్ని ఎలా పెంచాలి? నేపథ్యం తెలుపు చేయాలా?

రెండో సభ్యుడు:
అక్కర్లేదు. ఖాళీ అంటే ఖాళీయే, రంగు ఏదైనా.

మూడో సభ్యురాలు:
అందుకే ‘తెల్ల జాగా’ అనే మాటను వాడకూడదంటాను. ‘విరామ స్థలం’ అంటే ఎవరికీ ఈ అనుమానం రాదు.

మొదటి సభ్యుడు:
విరామం కాలానికి సంబంధించిన మాట, స్థలానికి నప్పదు. పేరు ఏదైనా, ఆరు నిబంధనలు ఒకే తెరపై ఉండడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

ప్రశ్న అడిగినవారు:
పట్టికలో పెట్టాను, కుదిరింది, ధన్యవాదాలు. అయితే శీర్షిక కింది సన్నని గీతను పెట్టె అంచుకు సరిగ్గా ఆనించినా, అక్షరాలకంటే కాస్త ఎడమకు జరిగినట్టు కనిపిస్తోంది.

నాలుగో సభ్యురాలు:
పెట్టె లోపల ఎడమవైపు 0.1 అంగుళం ఖాళీ ముందుగానే ఉంటుంది. గీతను అంతమేర కుడికి జరపండి. అయినా ఆ గీత అవసరమా? శీర్షిక కింద తగినంత ఎడం ఉంటే దానితో పనిలేదు.

ప్రశ్న అడిగినవారు:
గీత ఉండాలని పైవారు అంటున్నారు. అడిగి చూస్తాను.