అప్‌డేట్: 30031ని జల్లెడతో పరీక్షించాను

నా ప్రశ్న: ప్రధాన సంఖ్యలను వరుసగా గుణించి 1 కలిపితే ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుందా?

రాదు. మీరు సూచించినట్లే 2×3×5×7×11×13+1 = 30031 తీసుకున్నాను. ఆ ఆరింటిలో దేనితో భాగించినా శేషం 1. కాబట్టి దీని ప్రధాన కారణాంకం ఏదైనా ఆ జాబితాకు బయటిదే. యూక్లిడ్ నిరూపణకు కావలసింది అంతే! జాబితా ఎంత పెద్దదైనా బయట ఒకటి మిగులుతుంది, కనుక ప్రధాన సంఖ్యలకు అంతం లేదు.

ఆ బయటిదాన్ని పట్టుకోవడానికి, గుణిజాలను కొట్టేస్తూ ప్రధాన సంఖ్యలను మాత్రమే మిగిల్చే ఎరటోస్తనీస్ జల్లెడ వాడాను. 30031 వర్గమూలం 173 దాటి కొంచెమే, అందుకే 2 నుంచి 173 వరకు రాసుకుంటే చాలు. ప్రతి ప్రధాన సంఖ్యకూ దాని వర్గం నుంచి గుణిజాలు కొట్టేయాలి. అంతకన్నా చిన్నవి ముందే పోయి ఉంటాయి. 11 వంతు వచ్చేసరికి కొత్తగా పోయినవి 121, 143 మాత్రమే. 13కు 169 ఒక్కటే. 17 వర్గం 289 కనుక అక్కడితో ఆపేయవచ్చు. అంటే జల్లెడ పట్టినవి కూడా సరిగ్గా ఆ ఆరు సంఖ్యలే, ఇది నాకు ఎంతో నచ్చింది.

మిగిలినవాటితో 17 నుంచి భాగిస్తూ పోతే 53 వరకు ఏదీ కుదరలేదు. 59 దగ్గర తెగింది: 30031 = 59×509. రెండూ ప్రధాన సంఖ్యలే.