చివరి గదిలో కన్సోల్‌కి కేబుల్ లాగాలా, పవర్‌లైన్ అడాప్టర్ చాలా?

రూటర్ హాల్లో ఉంది, కన్సోల్ రెండు గోడల అవతల చివరి గదిలో. వైఫైలో డౌన్‌లోడ్ స్పీడ్ 60 ఎంబీపీఎస్ దాకా వస్తోంది, అది చాలు, కానీ ఆన్‌లైన్ ఆట మధ్యలో పింగ్ 25 నుంచి ఒక్కసారిగా 200 దాటేస్తోంది. కన్సోల్‌ని రూటర్ పక్కన పెడితే ఈ బాధ లేదు, కాబట్టి ఇంటర్నెట్ లైన్‌ది తప్పు కాదనుకుంటున్నా. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆ గదిదాకా సరిగా రాదు, 2.4లో చుట్టుపక్కల వైఫైల రద్దీ.

గోడ వెంబడి క్యాట్6 లాగితే 25 మీటర్లు సరిపోతుంది, 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదని తెలుసు, కానీ తలుపుల దగ్గర ఎలా దాటించాలో తోచట్లేదు. పవర్‌లైన్ అయితే సులువే, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలని కూడా తెలుసు. కాకపోతే మాది త్రీ ఫేజ్, ఆ గది వేరే ఫేజ్‌ మీద ఉంది. ఇలా ఫేజ్ మారినచోట ఎవరైనా వాడారా? స్పీడ్ తగ్గినా పర్లేదు, పింగ్ నిలకడగా ఉంటుందా?