స్ప్లిట్ రేంజ్‌లో మధ్యన గ్యాప్ ఉంచాలా, ఓవర్‌లాప్ పెట్టాలా?

పరవాడ_నైట్‌షిఫ్ట్
మాది బల్క్ డ్రగ్ ప్లాంట్, 3 కిలోలీటర్ల రియాక్టర్. జాకెట్‌లో గ్లైకాల్ కలిపిన నీళ్లు పంపుతో తిరుగుతుంటాయి. ఒక ఎక్స్ఛేంజర్‌లో స్టీమ్ వాటిని వేడి చేస్తుంది, ఇంకోదాంట్లో బ్రైన్ చల్లబరుస్తుంది. రెండు వాల్వులకూ ఒకటే కంట్రోలర్. అవుట్‌పుట్ 0 నుంచి 48 వరకు కూలింగ్, 52 నుంచి 100 వరకు హీటింగ్. 60 డిగ్రీల దగ్గర హోల్డ్ చేస్తే జాకెట్ టెంపరేచర్ 3 డిగ్రీలు పైకీ కిందకీ ఊగుతోంది. గ్యాప్ పెంచమని మా సీనియర్, ఓవర్‌లాప్ పెట్టమని వాల్వు సప్లయర్ ఇంజనీర్ అంటున్నారు. ఏం చేయాలి?

మెయింటెనెన్స్_పటాన్‌చెరు
మీ సీనియర్ చెప్పిందే కరెక్ట్. మా దగ్గరా ఇదే గొడవ. గ్యాప్ 45 నుంచి 55 చేశాం, వాల్వులు కొట్టుకోవడం ఆగిపోయింది. ఓవర్‌లాప్ పెడితే ఒకవైపు స్టీమ్ వేడి చేస్తుంటే ఇంకోవైపు బ్రైన్ చల్లార్చుతుంది. బాయిలర్, చిల్లర్ రెండిటి బిల్లూ మీరే కట్టాలి.

ట్యాంక్‌ఫామ్
మా సాల్వెంట్ ట్యాంకు మీద నైట్రోజన్ బ్లాంకెటింగ్‌కి కూడా స్ప్లిట్ రేంజే. ఒక వాల్వు నైట్రోజన్ లోపలికి వదులుతుంది, ఇంకోటి వెంట్‌కి వదులుతుంది. మధ్యలో గ్యాప్ లేకపోతే నైట్రోజన్ వచ్చింది వచ్చినట్టే వెంట్‌లోంచి పోయేది. కాబట్టి నా ఓటూ గ్యాప్‌కే.

లూప్_ట్యూనర్
ట్యాంక్‌ఫామ్ గారూ, మీ ట్యాంకులో ప్రెషర్ కొంత మేర అటూ ఇటూ అయినా నష్టం లేదు, అందుకే అక్కడ గ్యాప్ సరైనదే. ఇక్కడ 60 డిగ్రీల దగ్గర నిలబడాలి, అది వేరే లెక్క.

పరవాడ గారూ, గ్యాప్ గురించి తేల్చే ముందు రెండు విషయాలు చెప్పండి. ఊగేటప్పుడు అవుట్‌పుట్ ఎక్కడి నుంచి ఎక్కడికి తిరుగుతోంది? స్టీమ్ వాల్వు 10% ఎక్కువ తెరిస్తే టెంపరేచర్ ఎంత మారుతోంది, బ్రైన్ వాల్వు 10% తెరిస్తే ఎంత? సాల్వెంట్ లేకుండా రియాక్టర్‌లో నీళ్లు నింపి, మాస్టర్ కంట్రోలర్‌ని వేరు చేసి, జాకెట్ కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టి చూడండి. రెండు టెస్టులూ 60 డిగ్రీల దగ్గరే, వాల్వులు మామూలుగా పనిచేసే ఓపెనింగ్ దగ్గరే చేయాలి. ఈక్వల్ పర్సెంటేజ్ వాల్వు అయితే ఓపెనింగ్ మారినకొద్దీ దాని ప్రభావం కూడా మారిపోతుంది.

పరవాడ_నైట్‌షిఫ్ట్
నిన్న రాత్రి నీళ్లతో చేశాను. 5 నిమిషాల్లో స్టీమ్ వైపు 12 డిగ్రీలు పెరిగింది, బ్రైన్ వైపు 3 డిగ్రీలే తగ్గింది. ట్రెండ్‌లో అవుట్‌పుట్ 41 నుంచి 63 వరకు తిరుగుతోంది. 48–52 మధ్యలో మాత్రం చాలాసేపు నడుస్తుంది. రేంజ్ 0–200 డిగ్రీలు, గెయిన్ 2, ఇంటిగ్రల్ టైమ్ 4 నిమిషాలు.

లూప్_ట్యూనర్
అయితే మీ దగ్గర రెండు జబ్బులున్నాయి. గ్యాప్ రెండోది మాత్రమే.

మొదటిది ఇది. 10% వాల్వు కదలడానికి ఇప్పుడు రెండు వైపులా దాదాపు 5% అవుట్‌పుట్ పడుతోంది. అంటే ఒక్క శాతం అవుట్‌పుట్‌కి స్టీమ్ వైపు సుమారు 2.4 డిగ్రీలు, బ్రైన్ వైపు 0.6 డిగ్రీలే. నాలుగు రెట్ల తేడా. కూలింగ్‌కి సరిపోయేలా ట్యూన్ చేస్తే హీటింగ్ రెచ్చిపోతుంది, హీటింగ్‌కి సరిచేస్తే కూలింగ్ నిద్రపోతుంది. 50 దగ్గర చీల్చాలని ఎవరూ రాసి పెట్టలేదు. బలమైన వైపుకి ఎక్కువ అవుట్‌పుట్ ఇవ్వండి, 80కి 20:

```
COOL = LIMIT(0, (20 - OP) * 100 / 20, 100)
HEAT = LIMIT(0, (OP - 20) * 100 / 80, 100)
```

ఇప్పుడు 10% స్టీమ్‌కి 8% అవుట్‌పుట్ కావాలి, 12ని 8తో భాగిస్తే 1.5. 10% బ్రైన్‌కి 2% చాలు, 3ని 2తో భాగిస్తే అదీ 1.5. ఒకే గెయిన్ రెండు వైపులా పనిచేస్తుంది.

రెండోది గ్యాప్. సెట్‌పాయింట్‌కి 2 డిగ్రీల దూరంలో ఉంటే 200 రేంజ్‌లో అది 1% ఎర్రర్. గెయిన్ 2తో గుణించి 4 నిమిషాలతో భాగిస్తే ఇంటిగ్రల్ నిమిషానికి అర శాతమే కదుపుతుంది. 4% గ్యాప్ దాటడానికి 8 నిమిషాలు. ఆ 8 నిమిషాలూ రెండు వాల్వులూ మూసే ఉంటాయి, టెంపరేచర్ తన దారిన జారిపోతుంది. 10% గ్యాప్ పెడితే 20 నిమిషాలు.

మెయింటెనెన్స్_పటాన్‌చెరు
మరి మా దగ్గర 10% గ్యాప్‌తో ఎందుకు కుదురుకుంది?

లూప్_ట్యూనర్
మీ హోల్డ్‌లో రియాక్షన్ వేడి ఉందా? ఎంత తేడా వరకు ఒప్పుకుంటారు?

మెయింటెనెన్స్_పటాన్‌చెరు
వేడి లేదు, ఉత్త స్టిరింగే. 5 డిగ్రీల వరకు క్వాలిటీ వాళ్లు అడగరు.

లూప్_ట్యూనర్
అందుకే. వాల్వులు కొట్టుకోవడం ఆగింది, టెంపరేచర్ మాత్రం గ్యాప్‌లో తేలుతోంది. మీ బ్యాచ్‌కి అది చాలు. అదే సెట్టింగుతో ఎక్సోథర్మిక్ అడిషన్ చేస్తే, హీటింగ్‌లోంచి కూలింగ్‌కి రావాల్సిన సమయంలో అవుట్‌పుట్ గ్యాప్‌లో నడుస్తూ ఉంటుంది. బిల్లు గురించి మీరన్నది మాత్రం నిజం, నేనూ ఓవర్‌లాప్ పెట్టను. స్టీమ్, నీళ్లు ఒకే జాకెట్‌లోకి నేరుగా వెళ్లే పాత రియాక్టర్లలో అయితే దాని గురించి ఆలోచించనేకూడదు, వాటర్ హ్యామర్‌తో జాకెట్‌ దెబ్బతింటుంది. అక్కడ కండెన్సేట్ దిగేవరకు ఆగే సీక్వెన్స్ వేరేగా ఉండాలి.

పొజిషనర్_అక్క
20 దగ్గర చీల్చే ముందు ఒక్క మాట తమ్ముడూ. మీకు స్ప్లిట్ డీసీఎస్‌లో జరుగుతోందా, ఒకే సిగ్నల్ రెండు పొజిషనర్లకు వెళ్తోందా? రెండోది అయితే కూలింగ్ వాల్వుకి 4 నుంచి 7.2 మిల్లీయాంప్ మాత్రమే మిగులుతుంది. ఇంత చిన్న స్పాన్‌ని చాలా పొజిషనర్లు ఒప్పుకోవు, మాన్యువల్‌లో కనీస స్పాన్ చూడండి. రెండు అవుట్‌పుట్ ఛానెళ్లు ఉంటే ఏ బాధా లేదు. ఇంకోటి, ఎయిర్ పోతే బ్రైన్ వాల్వు తెరుచుకోవాలి, స్టీమ్ వాల్వు మూసుకోవాలి. బ్రైన్ వాల్వు సిగ్నల్ తిరగేసే చోటు డీసీఎస్‌లోనూ పొజిషనర్‌లోనూ రెండుసార్లు పెట్టేస్తే స్క్రీన్ మీద మూసినట్టు కనిపిస్తూ ఫీల్డ్‌లో తెరిచి ఉంటుంది. మార్చాక వాల్వు దగ్గర నిలబడి స్టెమ్ చూడండి, స్క్రీన్‌ని నమ్మొద్దు.

రెండు_పీఐడీలు
ఇంత కష్టం దేనికి? హీటింగ్‌కి ఒక పీఐడీ, కూలింగ్‌కి ఇంకోటి, సెట్‌పాయింట్లు 1 డిగ్రీ తేడాతో పెట్టండి. స్ప్లిట్ పాయింట్ జరిపితే గెయిన్ సమానం అవుతుందేమో గానీ ఆలస్యం సమానం కాదు. బ్రైన్ వైపు ప్రభావం కనిపించడానికి స్టీమ్ కంటే ఎక్కువసేపు పడితే ఒకే ఇంటిగ్రల్ టైమ్ రెండిటికీ ఎలా సరిపోతుంది?

లూప్_ట్యూనర్
ఆలస్యం గురించి మీ మాట సరైనదే, స్ప్లిట్ పాయింట్ దాన్ని సరిచేయదు. కానీ అవుట్‌పుట్ ఏ వైపు ఉందో చూసి ఇంటిగ్రల్ టైమ్ మార్చుకోవచ్చు. రెండు పీఐడీల్లో పనిలేని కంట్రోలర్ ఇంటిగ్రల్ పేరుకుపోకుండా చూడటం నాకు పెద్ద టెన్షన్. ఆ 1 డిగ్రీ తేడా కూడా గ్యాప్ లాంటిదే.

రెండు_పీఐడీలు
పేరుకుపోకుండా ఆపడం ఇప్పటి డీసీఎస్‌లో కష్టం కాదు. పైగా నా గ్యాప్ డిగ్రీల్లో ఉంటుంది, ఆపరేటర్‌కి అర్థమవుతుంది. నేను నా మాట మీదే ఉన్నాను.

పరవాడ_నైట్‌షిఫ్ట్
మాకు రెండు ఛానెళ్లు ఉన్నాయి. చేంజ్ కంట్రోల్ ఆమోదం తీసుకుని 20 దగ్గర చీల్చాం, గ్యాప్ సున్నా చేశాం. హీటింగ్ వైపు నిలబడింది. కానీ 20 దాటేటప్పుడు ఇంకా 1 డిగ్రీ ఊగుతోంది. అక్క చెప్పినట్టు స్టెమ్ దగ్గర నిలబడి ఒక్కో శాతం ఇచ్చి చూశాను. స్టీమ్ వాల్వు 6% వరకు కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా 9కి దూకింది.

లూప్_ట్యూనర్
స్క్రీన్ మీద గ్యాప్ తీసేసినా వాల్వులో ఉండిపోయిందన్నమాట. ఇందులో నా సలహా వల్ల వచ్చిన నష్టం కూడా ఉంది. 6% వాల్వు అంటే ఇదివరకు 3% అవుట్‌పుట్, ఇప్పుడు 4.8%. ముందు గ్లాండ్ ప్యాకింగ్ బిగుతు, పొజిషనర్ కాలిబ్రేషన్ చూపించండి.

పొజిషనర్_అక్క
అవుట్‌పుట్ 20 దాటగానే స్టీమ్‌కి నేరుగా 5% ఇచ్చేసే పద్ధతి ఉంది గానీ, ప్యాకింగ్ సరిచేయకముందు పెట్టకండి. స్టెమ్ వదులయ్యాక అదే 5%కి వాల్వు నిజంగానే తెరుచుకుంటుంది.

పరవాడ_నైట్‌షిఫ్ట్
వచ్చే షట్‌డౌన్‌లో ప్యాకింగ్ విప్పుతున్నాం. స్టెమ్ మీద గీతలు కనిపిస్తే ఫోటో పెడతాను.