హనుమకొండ ఫ్లాట్‌పై రాబడి: మూడు లెక్కలు, మూడు జవాబులు

హనుమకొండలో కడుతుండగానే 50 లక్షలకు ఫ్లాట్ తీసుకున్నాను. 2021 ఏప్రిల్ 1న 10 లక్షలు, 2022 ఏప్రిల్ 1న 15 లక్షలు నా చేతి డబ్బు. శ్లాబ్ పడ్డాక 2023 ఏప్రిల్ 1న 15, పనులు ముగిశాక 2024 ఏప్రిల్ 1న 10 లక్షలు బ్యాంకు నేరుగా బిల్డర్‌కు ఇచ్చింది.

లోన్ 9 శాతం. ఈఎంఐ మొదలుకాలేదు, వడ్డీ మాత్రమే కట్టాను: మొదటి ఏడాది నెలకు 11,250, తర్వాతి ఏడాది 18,750 రూపాయలు. 2025 ఏప్రిల్ 1న 68 లక్షలకు అమ్మితే బ్యాంకుకు 25 పోను 43 లక్షలు చేతికొచ్చాయి. రిజిస్ట్రేషన్ ఖర్చులు, ట్యాక్స్ ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

మొదట IRR వాడితే రెండు శాతం కూడా రాలేదు. అది ప్రతి వరుస మధ్య ఒకే వ్యవధి ఉందనుకుంటుందట, నావేమో కొన్ని ఏడాదివి, కొన్ని నెలవి. అందుకే తేదీలతో XIRRకి మారాను:

```
=XIRR(B2:B28,A2:A28)
```

లోన్ ఊసెత్తకుండా నాలుగు వాయిదాలు, 68 లక్షలు పెడితే 12.7 శాతం. వాటికే వడ్డీ వరుసలు కలిపితే 10.2. బ్యాంకు ఇచ్చిన 25 తీసేసి నా 25 లక్షలు, వడ్డీ, చివర 43 లక్షలు మాత్రమే పెడితే 13.9. మా బావ రెండోదే కరెక్ట్ అంటాడు, నాకు మాత్రం అందులో లోన్ ఖర్చు రెండుసార్లు పడుతోందని అనుమానం.

నా చేతి డబ్బును ఎఫ్‌డీతో పోల్చాలంటే ఈ మూడింటిలో ఏది తీసుకోవాలి?