ఏటా 1,179 కట్టి క్యాష్‌బ్యాక్ కార్డు: చిన్న జీతానికి గిట్టుబాటేనా?

లావణ్య_సిద్దిపేట: కార్డు ఫీజు 999, జీఎస్టీతో 1,179. ఆన్‌లైన్‌లో కొంటే 5 శాతం, షాపుల్లో 1 శాతం వెనక్కి. ఏడాదికి 2 లక్షలు వాడితే ఫీజు మాఫీ అంటున్నారు. నా జీతం 28 వేలు, నెల ఖర్చు 22 వేలు. తీసుకోవచ్చా?

గుంటూరు_శీను: కళ్లు మూసుకుని తీసుకోండి. 22 వేలకి 5 శాతం అంటే 1,100. రెండో నెల తిరక్కుండానే ఫీజు వచ్చేసింది. ఏడాదికి 2 లక్షలు కూడా దాటుతుంది.

లెక్కల_మాస్టారు: తొందరపడకు శీనూ. లావణ్య గారూ, ఆ 22 వేలు దేనికి ఎంతెంత పోతోందో రాయండి.

లావణ్య_సిద్దిపేట: అద్దె 8 వేలు. కిరాణా, కూరగాయలు 6 వేలు, అంతా ఫోన్‌పేలోనే. పెట్రోలు 2 వేలు, కరెంటు, రీచార్జి 1,500, బాబు ట్యూషన్ 1,500. ఆన్‌లైన్ ఆర్డర్లు 3 వేలు.

పద్మ_వైజాగ్: మా కార్డుకి ఎయిర్‌పోర్టు లాంజ్ ఉచితం. అది ఉందో లేదో చూసుకోండి.

లెక్కల_మాస్టారు: అద్దె, పెట్రోలు, కరెంటు బిల్లు మీద ఇలాంటి కార్డులు చాలావరకు ఏమీ ఇవ్వవు. ట్యూషన్ మేడమ్ కార్డు తీసుకోరు. రూపే కార్డయితే యూపీఐకి కలుపుకోవచ్చు గానీ వ్యాపారి క్యూఆర్‌కే డబ్బు వెళ్తుంది, కూరగాయలామె సొంత నంబరు క్యూఆర్‌కి వెళ్లదు. చివరికి 5 శాతం వచ్చేది ఆ 3 వేలకే. నెలకి 150, ఏడాదికి 1,800. ఫీజు తీసేస్తే 621.

ఇక్కడితో ఆగితే లాభమే అనిపిస్తుంది. కానీ ఫీజు లేని కార్డు పక్కన పెట్టి చూడండి. అది 1 శాతమే ఇచ్చినా 360 మీవే, కాబట్టి ఫీజు కార్డుతో అదనంగా దక్కేది 261. మీరు ఎక్కువగా కొనే సైటు కార్డే ఉచితంగా దొరికి 3 శాతం ఇస్తే 1,080 వస్తుంది. అప్పుడు ఫీజు కట్టినందుకు 459 నష్టం.

గుంటూరు_శీను: మాఫీ సంగతి వదిలేశారు. నాకు రెండేళ్లుగా ఫీజు పడలేదు.

లెక్కల_మాస్టారు: 2 లక్షలంటే నెలకి 16,667. ఆమె కిరాణా మొత్తం కార్డు మీదకి తెచ్చినా 9 వేలు. అద్దె కార్డుతో కట్టినా చాలా కార్డుల్లో ఆ లెక్కలోకి రాదు. నీకెలా సరిపోయింది?

గుంటూరు_శీను: కార్డు ఏడాది ముగిసే నెలలో 18 వేలు తగ్గింది. ఫోన్ కొన్నాను. ఎలాగూ కొనాల్సిందే కదా.

ఒంగోలు_రామం: అదిగో. 1,179 మిగుల్చుకోవడానికి 18 వేల ఫోన్. కార్డు మనిషిని అలాగే లాగుతుంది. నా బిల్లు 31 వేలు వచ్చిన నెలలో మినిమం డ్యూ 1,500 కట్టి ఊరుకున్నాను. కొన్న రోజు నుంచీ మొత్తం మీద వడ్డీ వేశారు, నెలకి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ. తర్వాతి నెల కొన్న బియ్యం బస్తాకి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. తేరుకోవడానికి రెండేళ్లు పట్టింది.

గుంటూరు_శీను: మీరు బిల్లు కట్టకపోతే తప్పు కార్డుదా? ఆమె అడిగింది ఫీజు గురించి. మీ బాధ ఆమె మీద రుద్దకండి.

ఒంగోలు_రామం: నోరు అదుపులో పెట్టుకో తమ్ముడూ. ఆ నెల మా నాన్నని ఆస్పత్రిలో పెట్టాం. 621 వచ్చినా 261 వచ్చినా నాకొకటే. 28 వేల జీతగాడి చేతికి లక్ష లిమిట్ ఇవ్వడమే నా అభ్యంతరం.

గుంటూరు_శీను: నాన్నగారి సంగతి తెలియక అన్నాను, క్షమించండి. కానీ ఆ రోజు కార్డు లేకపోతే ఎవరి దగ్గర చెయ్యి చాచేవారు? మా ఇంట్లో నూటికి మూడు వడ్డీకి తెచ్చారు, ప్రామిసరీ నోటు రాసి.

ఒంగోలు_రామం: మా బావ దగ్గర. వడ్డీ లేకుండా. అడగడానికి సిగ్గుపడి కార్డు గీకాను.

లెక్కల_మాస్టారు: రామం గారూ, లిమిట్ తగ్గించమని మనమే బ్యాంకుని అడగొచ్చు. నాది 30 వేలే ఉంచుకున్నాను. బిల్లు పూర్తి మొత్తం ఖాతాలోంచి పోయేలా ఆటో డెబిట్ పెట్టాను, మినిమం కాదు. కానీ ఆ తేదీకి ఖాతాలో డబ్బు లేకపోతే అదీ పనిచెయ్యదు.

లావణ్య_సిద్దిపేట: ఇప్పుడే ఆర్డర్లు తీసి చూశాను. 3 వేలని నోటికొచ్చింది రాశాను. ఆరు నెలల్లో మొత్తం 14,400. అందులో దసరా నెలలోనే 7 వేలు. అంటే నెలకి 2,400.

లెక్కల_మాస్టారు: అయితే 1 శాతం ఉచిత కార్డు కంటే మీకు ఏడాదికి ఎక్కువ వచ్చేది 1,152. ఫీజు 1,179.

గుంటూరు_శీను: 27 రూపాయలే కదా తేడా. దీపావళికి ఫ్రిజ్ కొంటే తిరగబడుతుంది.

లావణ్య_సిద్దిపేట: ఫ్రిజ్ ఉంది శీను గారూ. ఆ సైటు వాళ్ల ఉచిత కార్డుకి అడిగి చూస్తాను.